పేగులో పేగు దూరితే గాలితో ఎలా సరిచేస్తారు?

ప్రశ్న: డాక్టరమ్మకు నమస్కారం. మాది దేవరకొండ పక్కన పల్లె. మా బాబుకు ఎనిమిదో నెల. పోయిన నెల ఒకరోజు పొద్దుగూకినాక ఒక్కసారిగా గుక్కపట్టి ఏడ్చిండు. కాళ్లు కడుపుకు ముడుచుకొని రెండు మూడు నిమిషాలు ఏడ్చుడు, మళ్లా ఏం కానట్టు ఊకుండుడు. రాత్రంత గట్లనే. పాలు కక్కిండు. గ్యాస్ అనుకొని గ్రైప్ వాటర్ పోసినం, అత్తమ్మ కడుపుకు ఆముదం రాసి రుద్దింది. తెల్లారినాక పచ్చగ కక్కిండు. పగటీలికి ఎర్రగ, జిగటగ దొడ్డికి పోయిండు. ఊర్ల ఆర్ఎంపీ రక్తవిరేచనాలని మందిచ్చిండు. సాయంత్రం నల్గొండల స్కాన్ తీసి ‘ఇలియోకోలిక్ ఇంటస్ససెప్షన్, టార్గెట్ సైన్, 3.2 సెం.మీ.’ అని రాసిచ్చి హైదరాబాద్ పంపిన్రు. అక్కడ కోయకుండనే వెనక నుంచి గాలి కొట్టి సరిచేసినమన్నరు. ఒకసారికి కాలేదట, రెండోసారికి అయ్యిందట. నన్ను బయటనే ఉంచిన్రు. గాలితోని పేగు ఎట్ల సక్కగైతదో నాకు ఇప్పటికీ సమజ్ కాలే. లోపల ఏమన్న దెబ్బ తగిలిందా? మళ్లా వస్తదా? చిన్నప్పుడు వేసిన చుక్కల టీకాతోనే వచ్చిందని మావోళ్లు అంటున్నరు, నిజమేనా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, తలుపు వెనక ఏం జరిగిందో చెప్పాలంటే, ముందు బాబు పొట్టలో ఏం జరిగిందో చెప్పాలి. అది తెలిస్తే గాలి సంగతి దానంతట అదే అర్థమవుతుంది.

చిన్నపేగు చివరి భాగాన్ని ఇలియం అంటారు. అది పొట్టలో కుడివైపు కింద పెద్దపేగులో కలుస్తుంది. కలిసే చోట ఒక కవాటం ఉంటుంది. మీ బాబుకు ఇలియం చివర ఆ కవాటం గుండా జారి పెద్దపేగు లోపలికి వెళ్లిపోయింది, ఇలా పేగులో పేగు దూరడాన్నే ఇంటస్ససెప్షన్ అంటారు. పొడుగు చేతుల చొక్కాను తొందరలో విప్పితే, చేతి గుడ్డ సగం దాకా లోపలికి తిరగబడి ఒకదాంట్లో ఒకటి దూరి మూడు పొరలవుతుంది కదా, అదే తీరు. తిన్నదాన్ని ముందుకు నెట్టడానికి పేగు అలలు అలలుగా కదులుతుంది. దూరిన ముక్కను కూడా అది తిండి అనుకున్నట్టే ముందుకు నెడుతుంది. అల వచ్చిన ప్రతిసారీ పేగు ఇంకాస్త లోపలికి పోతుంది. అలా కుడివైపు పైకి, కాలేయం కింద వరకు, అక్కడి నుంచి అడ్డంగా ఎడమవైపుకు కూడా ప్రయాణం చేస్తుంది. అందుకే అనుభవమున్న డాక్టర్ చేయి వేసి చూస్తే పక్కటెముకల కింద కుడివైపున వేలి లావు కంటే ఎక్కువగా, పొడుగ్గా, మెత్తటి గడ్డలా తగులుతుంది. అది ఉండాల్సిన కుడి కింది భాగమేమో ఖాళీగా అనిపిస్తుంది.

ఏడుపు విడతలు విడతలుగా ఎందుకు వచ్చిందో ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది. అల వచ్చినప్పుడు లోపలి పేగు లాగబడుతుంది, ప్రాణం పోయేంత నొప్పి. అల వెళ్లిపోయాక లాగేది లేదు, నొప్పీ లేదు. బిడ్డ ఊరుకుంటాడు, ఆడుకుంటాడు కూడా. మొదట్లో పదిహేను ఇరవై నిమిషాలకు ఒకసారి వస్తుంది, తరువాత దగ్గర దగ్గరగా వస్తుంది. మధ్యలో ఊరుకోవడమే ఇంట్లో వాళ్లను మోసం చేస్తుంది. ‘ఇప్పుడే నవ్విండు, ఏం లేదు’ అనుకుంటారు. నిజానికి ఈ జబ్బును పట్టించేది ఆ నడుమ వచ్చే ఊరటే. గ్యాస్‌తో ఏడ్చే బిడ్డ ఎత్తుకుంటేనో, తేన్పు వస్తేనో, పాలు పడితేనో తగ్గుతాడు. ఈ ఏడుపు మనం ఏం చేసినా తగ్గదు, దాని టైముకు అదే ఆగిపోతుంది. ఏడ్చేటప్పుడు మొహం తెల్లగా పాలిపోతుంది. ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోవాలి. పసిపిల్లల్లో సాయంత్రం పూట వచ్చే మామూలు కడుపు ఏడుపు పుట్టిన రెండు మూడు వారాలకు మొదలై, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. ఏడెనిమిది నెలలు హాయిగా గడిచిన పిల్లాడు ఒక రాత్రి కొత్తగా ఇలా ఏడవడం మొదలుపెడితే దాన్ని గ్యాస్ అనుకుని వదిలేయకూడదు. ఈ జబ్బు ఎక్కువగా కనిపించేది సరిగ్గా ఆ వయసులోనే, నాలుగు నెలల నుంచి ఏడాది లోపు.

కొందరు పిల్లలు అసలు ఏడవరు. నీరసంగా, కళ్లు తేలేసి, పిలిస్తే పలకనట్టు పడి ఉంటారు. ఇలాంటి వాళ్లను మెదడువాపు అనుమానంతో పంపించడమూ ఉంది. వాంతి ఉండి, బిడ్డ వేలాడిపోతుంటే పొట్టకు స్కాన్ చేయించడం మంచిది.

ఇక ఆ ఎర్రటి విరేచనం. పేగు లోపలికి దూరినప్పుడు ఒంటరిగా దూరదు. దానికి రక్తనాళాలు తెచ్చే పలుచని పొరను కూడా వెంట లాక్కుపోతుంది. ఆ పొర రెండు పేగు గోడల మధ్య నలిగిపోతుంది. ముందు నలిగేది రక్తాన్ని బయటికి తీసుకెళ్లే సిరలు, ఎందుకంటే వాటి గోడలు పలుచన. రక్తం వస్తూనే ఉంటుంది, వెళ్లే దారి లేదు. లోపలి పేగు ఉబ్బుతుంది, దాని లోపలి పొర నుంచి రక్తం ఊరుతుంది, జిగురు ఊరుతుంది. ఆ రెండూ కలిసి ముదురు ఎరుపు రంగులో, వణికే జెల్లీలా బయటికి వస్తాయి. డాక్టర్లు దీన్ని రెడ్ కరెంట్ జెల్లీ విరేచనం అంటారు. రెడ్ కరెంట్ అనేది చలిదేశాల్లో పండే ఎర్రటి చిన్న పండు, దాని జెల్లీ రంగు ఇలాగే ఉంటుంది.

ఇందులో అందరికీ తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఈ రక్తం మొదటి గుర్తు కాదు, ఆలస్యపు గుర్తు. పేగు లోపలి పొర దెబ్బ తినడం మొదలయ్యాకే అది కనబడుతుంది. మీ బాబుకు ఏడుపు పొద్దుగూకినాక మొదలైతే, రక్తం మరుసటి రోజు పగటీలికి వచ్చింది. ఆ మధ్యలో తెల్లవారుజామున వాంతి రంగు మారింది. పాలు కక్కినంత సేపు అది నొప్పికి వచ్చిన వాంతి. ఆకుపచ్చగా కక్కాడంటే పేగుకు దారి మూసుకుపోయి పైత్యం వెనక్కి తిరిగింది. పసిబిడ్డ ఆకుపచ్చగా కక్కితే, కారణం ఏదైనా సరే, ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. కడుపునొప్పి, పొట్టలో గడ్డ, రక్తం, ఈ మూడూ కలిసి కనబడే పిల్లలు మూడో వంతు కూడా ఉండరు. కాబట్టి రక్తం కోసం ఎదురు చూస్తూ కూర్చోవడానికి లేదు.

రక్తవిరేచనాల మందు ఇచ్చినాయన పొరబడింది ఎక్కడో కూడా చెప్తాను, పది మందికీ పనికొస్తుంది. రక్తవిరేచనాల్లో జ్వరం ముందు వస్తుంది, విరేచనాలు పదే పదే అవుతాయి, రక్తం మలంతో కలిసి ఉంటుంది. ఇక్కడ ముందు వచ్చింది ఏడుపు, వాంతి. రక్తం వచ్చింది ఒకటి రెండుసార్లే, అందులో మలం దాదాపు లేదు, ఉన్నది జిగురు, నెత్తురు. ఇలాంటప్పుడు విరేచనాలు ఆపే మందు ఇచ్చినా, లోపలికి ఆముదం పోసినా నష్టమే. ఒకటి జబ్బును కప్పేస్తుంది, ఇంకోటి పేగు కదలికను పెంచి నొప్పి పెంచుతుంది. మీ అత్తమ్మ పైపైన రాసి రుద్దింది కాబట్టి దాని వల్ల పేగు దూరిందని ఆమెను ఎవరూ అనకూడదు. అది నిజం కాదు. కానీ పొట్ట రుద్దితే దూరిన పేగు బయటికి రాదు. పోయేది గంటలే.

మీ స్కాన్ కాగితంలో రాసినదాని అర్థం ఇది. పేగులో పేగు ఉన్న చోట అడ్డంగా చూస్తే అల్ట్రాసౌండ్‌లో ఒక గుండ్రంలో ఇంకో గుండ్రం కనిపిస్తుంది, దానికే టార్గెట్ సైన్ అని పేరు. 3.2 సెంటీమీటర్లు ఆ గుండ్రం అడ్డుకొలత. చిన్నపేగు చిన్నపేగులోనే కాసేపు దూరి దానంతట అదే వచ్చేసే రకం ఒకటుంది, అది సాధారణంగా రెండు సెంటీమీటర్ల లోపే ఉంటుంది, దానికి ఏమీ చేయనక్కర్లేదు. మూడు దాటి, ఇలియోకోలిక్, అంటే ఇలియం పెద్దపేగులోకి దూరింది అని రాశారంటే దాన్ని సరిచేసి తీరాలి. నల్గొండలో స్కాన్ చేసినవాళ్లు ఒక్క చూపులో గుర్తించి రాసివ్వడం మీ బాబుకు మేలు చేసింది. ఈ జబ్బును పట్టుకోవడంలో అల్ట్రాసౌండ్ దాదాపు తప్పదు, రేడియేషన్ కూడా ఉండదు.

హైదరాబాద్‌లో గాలి పెట్టే ముందు కొంత సేపు ఆలస్యమైనట్టు మీకు అనిపించి ఉండొచ్చు. ఆ సమయంలో బాబు చేతికి సెలైన్ ఎక్కించి ఉంటారు, ముక్కులో సన్నటి గొట్టం వేసి కడుపులోని పైత్యం తీసి ఉంటారు. రాత్రంతా కక్కిన పిల్లాడి ఒంట్లో నీళ్లు ఉండవు. సెలైన్ లేకుండా ఇది మొదలుపెడితే మధ్యలో నాడి పడిపోతుంది. పొట్ట బిగుసుకుందా, ముట్టుకుంటే ఓర్చుకోలేకపోతున్నాడా అని చూసి, ఎక్స్-రే తీసి, పేగు ఇప్పటికే చిల్లు పడి గాలి బయటికి వచ్చిందా అని కూడా చూస్తారు. పొట్ట గట్టిపడినా, చిల్లు పడినా, ఎంత సెలైన్ ఎక్కించినా నాడి నిలబడకపోయినా గాలి జోలికి పోరు, నేరుగా ఆపరేషనే. మీ బాబుకు గాలి పెట్టారంటే వీటిలో ఏదీ లేదని తేల్చుకున్నాకే పెట్టి ఉంటారు.

ఆ గదిలో ఎక్స్-రే కదిలే బొమ్మలా తెర మీద కనబడే యంత్రం ఉంటుంది, ఫ్లోరోస్కోపీ అంటారు. పిల్లాడిని పడుకోబెట్టి, వెనక నుంచి మెత్తటి గొట్టం లోపలికి పెడతారు. గాలి పక్క నుంచి బయటికి రాకుండా పిరుదులు రెండూ దగ్గరికి నొక్కి ప్లాస్టర్‌తో గట్టిగా అంటిస్తారు. వినడానికి బాధగా ఉంటుంది కానీ ఈ పని సరిగ్గా జరగకపోతే మిగిలిందంతా వృథా. గాలి కారిపోతే ఒత్తిడి నిలవదు, ఒత్తిడి నిలవకపోతే పేగు కదలదు. గొట్టం అవతలి కొసకు చేతి పంపు, ఒత్తిడి చూపించే మీటరు ఉంటాయి. చాలాచోట్ల బీపీ చూసే మిషన్ పంపునే దీనికి వాడతారు. లెక్క కూడా బీపీ లెక్కే, పాదరసం మిల్లీమీటర్లలో. 80 దగ్గర మొదలుపెట్టి, అవసరమైతే మెల్లగా పెంచి, 120 దగ్గర ఆపేస్తారు. దాన్ని దాటనివ్వరు.

గాలి పెద్దపేగును నింపుకుంటూ పోతుంది. తెర మీద గాలి నల్లగా, దూరిన పేగు తల దాని మధ్యలో బూడిద రంగు ఉండలా కనిపిస్తుంది. గాలి ఆ ఉండను వచ్చిన దారినే వెనక్కి నెడుతుంది. అడ్డంగా ఉన్న పెద్దపేగు నుంచి కాలేయం కింది మలుపుకు, అక్కడి నుంచి కుడివైపు కిందికి. ఇంతవరకు సాధారణంగా తొందరగానే జరిగిపోతుంది. అసలు ఆట కవాటం దగ్గర. అక్కడ దారి ఇరుకు, వాచిన పేగు లావు. ఉండ అక్కడికి వచ్చి ఆగిపోతుంది. ఒత్తిడిని అలాగే పట్టి ఉంచి చూస్తారు. ఒక్కసారిగా కవాటం వదులుతుంది, ఉండ మాయమవుతుంది, గాలి గబుక్కున చిన్నపేగులోకి పొంగి, పొట్ట నడుమంతా నల్లటి గాలి చుట్టలు కనబడతాయి. ఉండ పోవాలి, చిన్నపేగులోకి గాలి వెళ్లాలి, ఈ రెండూ చూస్తేనే అయిపోయినట్టు. ఒక్కోసారి ఉండ పక్క సందుల్లోంచి కాస్త గాలి లోపలికి పోయి పని అయిపోయినట్టు భ్రమ పెడుతుంది. అనుమానం ఉంటే మళ్లీ అల్ట్రాసౌండ్ చేసి చూస్తారు.

మీ బాబుకు మొదటిసారి కానిది బహుశా ఆ కవాటం దగ్గరే. సాధారణంగా ఒక్కో ప్రయత్నంలో మూడు నిమిషాలు ఒత్తిడి పట్టి ఉంచి, గాలి వదిలేసి, పిల్లాడికి కాస్త విశ్రాంతి ఇచ్చి మళ్లీ చేస్తారు. ఇలా మూడుసార్ల వరకు. ఆ విశ్రాంతి కూడా వైద్యమే. సగం దూరం వెనక్కి వచ్చిన పేగులో రక్తం మళ్లీ ఆడి వాపు కొంత తీస్తుంది, తరువాతి సారి దారి సులువవుతుంది. కొంచెం కొంచెంగా వెనక్కి వస్తూ ఉండి, పిల్లాడు బాగుంటే, అరగంట నుంచి కొన్ని గంటలు ఆగి మళ్లీ ప్రయత్నించే పద్ధతి కూడా ఉంది. కాబట్టి రెండోసారికి అయ్యిందంటే మొదటిసారి చేసినవాళ్లకు చేతకాలేదని కాదు.

లోపల బాబు ఏడుపు వినబడి మీ గుండె ఎంత కొట్టుకుందో నేను ఊహించగలను. ఒక మాట చెప్తే కొంత ఊరటగా ఉంటుందేమో. చాలాచోట్ల పిల్లలకు మత్తు ఇవ్వకుండానే ఇది చేస్తారు. ఏడ్చినప్పుడు పొట్ట కండరాలు బిగుస్తాయి, పేగు చుట్టూ బయటి నుంచి కూడా ఒత్తిడి పడుతుంది. లోపలి గాలి ఒత్తిడికి అది ఎదురు నిలిచి పేగు గోడ చిరగకుండా కాపాడుతుంది. ఏడుపు ఆ పిల్లాడికి రక్షణ కూడా అయింది.

ఇప్పుడు మీ భయం, లోపల దెబ్బ తగిలిందా అని. గాలి పెట్టినప్పుడు పేగు చిరగడం ఉంది, కానీ అది నూటికి ఒకరికి అటూ ఇటూగా మాత్రమే. ఆరు నెలల లోపు పిల్లల్లో, రెండు రోజులు దాటి వచ్చినవాళ్లలో ఎక్కువ. చిరిగితే అది దాగేది కాదు. పొట్ట క్షణాల్లో డోలులా ఉబ్బిపోతుంది, తెర మీద పేగు బయట గాలి కనబడుతుంది, ఊపిరి ఆడక పిల్లాడు తల్లడిల్లుతాడు. అందుకే సిద్ధంగా లావాటి సూది పెట్టుకునే మొదలుపెడతారు. వెంటనే పొట్టలో గుచ్చి గాలి వదిలేసి, ఆపరేషన్ గదికి తీసుకుపోతారు. పిల్లల సర్జన్ దగ్గర లేనిచోట గాలి పెట్టకూడదనేది ఇందుకే. మీ బాబు మరునాడు పాలు తాగి, ఇంటికి వచ్చి, నెల గడిచాక మీరు ఉత్తరం రాస్తున్నారు. అలాంటిదేమీ జరగలేదు.

120 అనే హద్దు ఇంకో విధంగా కూడా కాపాడుతుంది. చచ్చిపోయిన పేగు ముక్క మామూలుగా ఈ ఒత్తిడికి లొంగదు, ఇరుక్కుని కూర్చుంటుంది. లొంగి వెనక్కి వచ్చిందంటే ఆ పేగు బతికే ఉందని చాలావరకు ధైర్యం చెప్పుకోవచ్చు. వాపు రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. లోపలి పొర పసిపిల్లల్లో తొందరగా కొత్తగా పుడుతుంది. తిండి అరగడంలో, ఎదుగుదలలో లోటు రాదు. ఎక్స్-రే కిరణాల గురించి కూడా ఎవరైనా భయపెడతారేమో, అది కొద్ది నిమిషాల పని, గాలితో చేస్తే ఇంకా తక్కువ. కొన్ని ఆసుపత్రుల్లో గాలి బదులు గోరువెచ్చని సెలైన్ పంపించి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేస్తారు, దానిలో కిరణాలే ఉండవు. సెలైన్ సీసాను మంచం కంటే మూడడుగుల పైన కట్టి ఆ ఎత్తుతోనే ఒత్తిడి తెస్తారు. రెండూ మంచి పద్ధతులే. చేసేవాళ్లకు ఏది బాగా చేయివాటమో అదే మంచిది.

ఇది కొత్త ప్రయోగం కూడా కాదు. చైనా వైద్యులు పదమూడేళ్లలో 6,396 మంది పిల్లలకు గాలితో చేసిన అనుభవాన్ని 1986లో ప్రచురించారు. ఆ తరువాతే చాలా దేశాలు ఈ దారి పట్టాయి. వేళకు వస్తే నూటికి ఎనభై మందికి పైగా కత్తి తగలకుండానే బయటపడతారు. కానివాళ్లకు పొట్ట తెరుస్తారు. అప్పుడు కూడా సర్జన్ లోపలి పేగును పట్టి లాగడు, లాగితే చిరుగుతుంది. అవతలి కొస నుంచి మెల్లగా పిండుతూ వెనక్కి నెడతాడు, గాలి చేసే పనినే చేత్తో చేస్తాడన్నమాట. నల్లబడిన ముక్క ఉంటే అంతవరకు తీసేసి రెండు కొసలు కుడతారు. ఆ పిల్లలు కూడా బాగానే పెరుగుతారు.

మళ్లీ వస్తుందా అంటే, పది మందిలో ఒకరికి వస్తుంది. వచ్చేవాళ్లలో చాలామందికి మొదటి రెండు మూడు రోజుల్లోనే వస్తుంది, అందుకే మీరు పోదామన్నా వాళ్లు వెంటనే పంపకుండా ఉంచి ఉంటారు. మిగిలినవాళ్లకు ఎక్కువగా ఆరు నెలల లోపు వస్తుంది. మీరు ఆ మొదటి గండం దాటారు. ఈ కొన్ని నెలలూ జాగ్రత్త అంటే పథ్యం కాదు. జావ మానొద్దు, పప్పన్నం మానొద్దు, ఏ తిండితోనూ ఇది రాదు, ఏ తిండితోనూ ఆగదు. ఉండాల్సింది గుర్తుపట్టే కన్ను. ఆ విడతల ఏడుపు మళ్లీ రెండు మూడుసార్లు కనబడితే గ్రైప్ వాటర్ సీసా తీయకండి. ఏడుస్తున్నప్పుడు ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీయండి, ఎందుకంటే డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు బాబు నవ్వుతూ ఉంటాడు. నోటికి ఏమీ పెట్టకండి. డిశ్చార్జి కాగితం చూపించి ‘పోయినసారి గాలి పెట్టి సరిచేశారు’ అని మొదటి మాటగా చెప్పండి, నేరుగా స్కాన్‌కు పంపుతారు. మళ్లీ వచ్చినా మళ్లీ గాలితోనే సరిచేయవచ్చు, ఒకసారి వచ్చింది కాబట్టి ఈసారి ఆపరేషనే అనేమీ లేదు.

ఎక్కడికి పోవాలనేది మన జిల్లాల్లో పెద్ద ప్రశ్న. స్కాన్ నల్గొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా దొరుకుతుంది, ముందు దగ్గరున్నదానికే పోయి తేల్చుకోవడం మంచిది. కానీ గాలి పెట్టాలంటే పిల్లల సర్జన్, ఫ్లోరోస్కోపీ లేదా ఆ చేయి తిరిగిన స్కాన్ డాక్టర్, ఇద్దరూ ఆ రాత్రి ఉండాలి. కాబట్టి స్కాన్ చేసినచోటి నుంచే పైఆసుపత్రికి ఫోన్ చేయించి, ‘ఇంటస్ససెప్షన్, ఎనిమిది నెలల పిల్లాడు, ఇప్పుడు చేసేవాళ్లున్నారా’ అని అడిగించండి. హైదరాబాద్‌లో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి నిలోఫర్‌లో పిల్లల సర్జరీ విభాగం ఉంది. సెలైన్ ఎక్కించుకుని, ముక్కు గొట్టం వేయించుకుని 108లో బయలుదేరండి. దేవరకొండ నుంచి వందకు పైగా కిలోమీటర్లు, ఆ దారంతా ఎండిపోయిన ఒంటితో పోతే అక్కడికి చేరాక మొదటి గంట దానికే పోతుంది.

ఇక టీకా సంగతి. మీవాళ్ల అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. ఆ చుక్కలు పసిపిల్లల్లో విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు వేసేవి, 1999లో అమెరికాలో అలాంటి ఒక టీకాను ఈ జబ్బు వస్తోందనే ఆపేశారు. ఇప్పుడు వాడేవి వేరే టీకాలు. వాటితో ముప్పు కనిపించిన దేశాల్లో కూడా అది లక్ష మందిలో కొద్దిమందికి, అదీ ముఖ్యంగా మొదటి డోసు వేసిన వారం రోజుల్లో. మన దగ్గర ఈ చుక్కలు ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేస్తారు. మీ బాబుకు చివరి చుక్కలు పడి నెలలు గడిచాయి. ఆ టీకాకూ పోయిన నెల రాత్రికీ సంబంధం పెట్టడానికి లేదు. ఇంట్లో ఇంకో పసిబిడ్డ ఉంటే, మీ బాబుకు వచ్చిందని ఆ బిడ్డకు చుక్కలు మానిపించకండి. రోటావైరస్ విరేచనాలతో ప్రాణం పోయే పిల్లలే ఎక్కువ.

మరి దేనితో వచ్చింది? మీరు ఉత్తరంలో రాయలేదు కానీ ఒకసారి గుర్తు చేసుకోండి, దానికి ముందు వారం పది రోజుల్లో బాబుకు జలుబో, దగ్గో, కాస్త విరేచనాలో ఉన్నాయా? చాలామంది తల్లులు ఉన్నాయనే చెప్తారు. ఇలియం చివరలో, గోడ లోపల, రోగాలతో పోరాడే కణాల గుంపులు ఉంటాయి. వైరస్ సోకినప్పుడు మెడలో బిళ్లలు కట్టినట్టే ఇవీ ఉబ్బుతాయి. ఉబ్బి లోపలికి పొడుచుకొచ్చిన ఆ బొడిపెను పేగు అల పట్టుకుని ముందుకు లాగుతుంది. రెండేళ్ల లోపు పిల్లల్లో పదిలో తొమ్మిది మందికి ఇంతకు మించి కారణం దొరకదు, వెతకనూ అక్కర్లేదు. మూడేళ్లు దాటిన పిల్లలకు వచ్చినా, ఒకే పిల్లాడికి పదే పదే వచ్చినా పేగులో పుట్టుకతో వచ్చిన సంచి లాంటిదో, గడ్డలాంటిదో ఉందేమో చూడాలి. మీ బాబుకు ఇప్పుడు ఆ పరీక్షలేవీ వద్దు.

తొమ్మిది నెలలు నిండగానే వేయాల్సిన ఎంఆర్ టీకా దగ్గరపడుతోంది. బాబు బాగా తిని ఆడుకుంటున్నాడు కాబట్టి దాన్ని వాయిదా వేయకండి, ఈ జబ్బు దానికి అడ్డం కాదు. వేసే రోజు ఏఎన్ఎం అమ్మకు జరిగింది చెప్పి, పిల్లాడి కార్డు మీద రాయించుకోండి.